“బాత్రూమ్ 50 మీటర్ల దూరంలో ఉంది” అని రాశాను, ఎడిటర్ వెనక్కి పంపారు (రిమినీ హోటల్ రివ్యూ, ఇటాలియన్ నుంచి ఇంగ్లిష్‌కి)

శ్రావణి_వైజాగ్

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఒక ట్రావెల్ వెబ్‌సైట్‌కి ఇటాలియన్ హోటల్ రివ్యూలను ఇంగ్లిష్‌లోకి అనువదించి ఇస్తున్నాను. ఇప్పటిదాకా చిన్న చిన్న దిద్దుబాట్లే వచ్చాయి. మొన్న మాత్రం ఒక రివ్యూ మొత్తం వెనక్కి వచ్చింది. రెండు రోజులుగా దానిమీదే కూర్చున్నాను. టెన్షన్‌గా ఉంది.

రివ్యూ రాసినావిడ భర్తతో కలిసి ఆగస్టు చివర్లో ఒక వారం రిమినీలో ఉన్నారు. త్రీ స్టార్ హోటల్. ఆవిడ ఇచ్చిన రేటింగ్ 5కి 3. హోటల్ పేరు ఇక్కడ చెప్పను. ముఖ్యమైన వాక్యాలు ఇవీ, పక్కన నేను రాసిన ఇంగ్లిష్.

శీర్షిక “సెంత్సా ఇన్ఫామ్యా ఎ సెంత్సా లోదే”. నేను “వితౌట్ ఇన్ఫమీ అండ్ వితౌట్ ప్రెయిజ్” అని పెట్టాను.

“ఉన్ త్రే స్తెల్లే ఒనెస్తో” అని మొదలుపెట్టారు. “నిజాయితీగా త్రీ స్టార్స్ ఇస్తున్నాను” అని రాశాను.

గదిలో “బాన్యో చేకో” ఉందట, అంటే కిటికీ లేని బాత్రూమ్. దాన్ని సరిగ్గానే రాశాను. “సుల్లా పులిత్సీయా నుల్లా దా దీరే” అన్నదానికి “శుభ్రత గురించి చెప్పడానికేమీ లేదు” అని పెట్టాను. అల్పాహారం “దిస్క్రేతా”. “డిస్క్రీట్ బ్రేక్‌ఫాస్ట్” అని రాశాను. తర్వాత “బాన్యో కొన్వెన్సియొనాతో 50 మీటర్లలో” అని ఉంది. “బాత్రూమ్ 50 మీటర్ల దూరంలో ఉంది” అని రాశాను. పార్కింగ్‌కి రోజుకి 15 యూరోలు, “ఉన్ ఫుర్తో!” దానికి “ఎ థెఫ్ట్!” అని పెట్టాను.

ఎడిటర్ మూడు ప్రశ్నలు వేశారు. గదిలో బాత్రూమ్ ఉందని చెప్పి మళ్ళీ 50 మీటర్ల దూరంలో ఉందంటారేమిటి? హోటల్లో దొంగతనం జరిగిందా, జరిగితే దీన్ని ప్రచురించే ముందు వేరే టీమ్ చూడాలి. డిస్క్రీట్ బ్రేక్‌ఫాస్ట్ అంటే ఏమిటి?

నాకు మొదటి ప్రశ్నకే జవాబు తెలియడం లేదు. డిక్షనరీలో బాన్యో అంటే బాత్రూమ్, స్నానం అనే ఉంది. ఎవరైనా చెప్పగలరా?

లక్ష్మీ_కాకినాడ

అమ్మా శ్రావణీ, వచ్చే ఏడాది మా అబ్బాయి మమ్మల్ని ఇటలీ తీసుకెళ్తానన్నాడు. బాత్రూమ్ బయట 50 మీటర్లలో ఉన్న హోటల్ అయితే మాత్రం వద్దు. మా ఆయనకి మోకాళ్ళ నొప్పి. రాత్రిపూట లేచి అంత దూరం నడవలేరు. ఆ హోటల్ పేరు నాకు విడిగా చెప్తావా, బుక్ చేసుకోకుండా ఉంటాం. బాత్రూముల్లో నీళ్ళ సౌకర్యం ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి.

కిరణ్_భాషాప్రియ

శ్రావణి గారూ, నేను ఫ్రెంచ్ చదివాను, ఇటాలియన్ కొంత వచ్చు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రివ్యూ అంటే ఒక మనిషి సాక్ష్యం లాంటిది. ఆవిడ ఫుర్తో అన్నారు, ఫుర్తో అంటే దొంగతనం. ఏ డిక్షనరీ చూసినా అంతే. ఎడిటర్‌కి ఇబ్బందిగా ఉందని అనువాదకులు మాట మెత్తబరిస్తే, డబ్బు పెట్టి గది బుక్ చేసుకునేవాడిని మోసం చేసినట్టే. నేనైతే థెఫ్ట్ అనే ఉంచుతాను.

దిస్క్రేతా విషయంలో మాత్రం మీది తప్పే. దానికి “డీసెంట్” సరిపోతుంది.

“నుల్లా దా దీరే” అంటే మాత్రం మన “ఇంకేం చెప్తాంలే” లాంటిది. అంటే శుభ్రత ఘోరంగా ఉందని. రేటింగ్ 3 కాబట్టి అదే అర్థం అయ్యుండాలి.

రామకృష్ణ_బొలోనియా

శ్రావణి గారూ, నేను పద్నాలుగేళ్ళుగా బొలోనియాలో ఉంటున్నాను. రిమినీ ఇక్కడికి దగ్గరే, పిల్లలతో ఏటా వెళ్తాం. ఇక్కడి హోటళ్ళకి ఇంగ్లిష్ బ్రోషర్లు రాసి ఇవ్వడం నా పనిలో భాగం. మీ రివ్యూ చదివి రెండో బాన్యో దగ్గర ఆగాను. ముందు అది చెప్తాను, ఎందుకంటే మీరు ఊహించిన దానికీ అసలు విషయానికీ అస్సలు సంబంధం లేదు.

రొమాన్యా తీరంలో, అంటే రిమినీ, రిచ్చోనే, చెర్వియా వైపు, బాన్యో అంటే బీచ్‌లో గొడుగులూ పడక కుర్చీలూ అద్దెకిచ్చే చోటు. ఇసుక తీరాన్ని ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కని ఒక్కొక్కరు నడుపుతారు. ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది, దారి పొడవునా బోర్డుల మీద ఆ నంబర్లు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు “మేం ఫలానా నంబరు బాన్యోకి వెళ్తాం” అంటారు. ఏళ్ళ తరబడి ఒకే బాన్యోకి, ఒకే వరుసలో అదే గొడుగు కిందికి వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. దాన్ని నడిపే ఆయన్ని బన్యీనో అంటారు. డిక్షనరీలో ఆ మాటకి ఈత కొట్టేవాళ్ళని కాపాడే గార్డ్ అని ఉంటుంది. ఇక్కడ మాత్రం చాలాసార్లు ఆ బీచ్ స్థలం యజమానిని ఉద్దేశించే అంటారు.

కాబట్టి ఆవిడ చెప్పింది ఇది: హోటల్‌కి 50 మీటర్ల దూరంలో, ఆ హోటల్‌తో ఒప్పందం ఉన్న బీచ్ ఉంది. అది ఫిర్యాదు కాదు, మెచ్చుకోలు. మీ ఇంగ్లిష్‌లో మాత్రం హోటల్‌కున్న పెద్ద లోపంగా మారిపోయింది.

కొన్వెన్సియొనాతో అన్న మాట మీద కూడా జాగ్రత్త. ఒప్పందం ఉంది అంటే ఉచితం అని కాదు. హోటల్ అతిథులకు తగ్గింపు ధర ఉండవచ్చు, కొన్ని ప్యాకేజీల్లో గొడుగు కలిపే ఇవ్వవచ్చు, ఆ సంగతి ఈ ఒక్క మాటతో తేలదు. “ఫ్రీ బీచ్” అని రాస్తే చదివినవాళ్ళు అక్కడికెళ్ళి కౌంటర్ దగ్గర గొడవపడతారు. “పార్ట్‌నర్ బీచ్ క్లబ్, 50 మీటర్లు” అని రాయండి. పార్ట్‌నర్ అన్న మాట ఒప్పందాన్ని చెప్తుంది, ధర గురించి ఏమీ హామీ ఇవ్వదు.

లక్ష్మి గారూ, కంగారు పడకండి, ఆ హోటల్లో బాత్రూమ్ గదిలోనే ఉంది. నీళ్ళ గురించి అడిగారు కదా, ఇటలీ ఇళ్ళలో బిడే ఉంటుంది, నీళ్ళతో కడుక్కునేందుకు. 1975 జులై 5 నాటి ప్రభుత్వ ఆదేశం ప్రకారం ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూమ్‌లో అది ఉండాలి. హోటళ్ళలో కూడా మామూలుగా ఉంటుంది. ఆ విషయంలో మనవాళ్ళకి ఇటలీలో యూరప్‌లోని చాలా దేశాల కంటే సుఖం.

శ్రావణి_వైజాగ్

రామకృష్ణ గారూ, చాలా థాంక్స్. అసలు ఇలాంటి అర్థం ఉంటుందని నాకు తట్టనే లేదు. ఒకే రివ్యూలో ఒకే మాట రెండు అర్థాల్లో వచ్చింది, ఇటాలియన్ చదివేవాళ్ళకి మాత్రం ఏ తడబాటూ ఉండదు. కానీ ఒక సందేహం. ఇలాంటి చోట తేడా ఎలా పసిగట్టాలి? ప్రతి ఊళ్ళోనూ స్థానిక మాటలు ఉంటాయి, అన్నీ ముందే తెలుసుకోలేం కదా.

రామకృష్ణ_బొలోనియా

తెలుసుకోలేం. కానీ తప్పు జరిగిందని గుర్తుపట్టవచ్చు. మీ ఇంగ్లిష్ వాక్యాలను ఇటాలియన్ పక్కన పెట్టకుండా విడిగా, హోటల్ వెతుక్కునే మనిషిలా చదవండి. గదిలో బాత్రూమ్ ఉంది, కిటికీ లేదు. మళ్ళీ బాత్రూమ్ 50 మీటర్లలో ఉంది. ఒక మామూలు మనిషి ఇలా రాయరు. మీ ఎడిటర్ పట్టుకున్నది కూడా అక్కడే, ఆయనకి ఇటాలియన్ వచ్చి ఉండకపోవచ్చు. వాక్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయంటే తప్పు ఆవిడది కాదు, మనం ఏదో మాటను తప్పుగా పట్టుకున్నాం అనుకోవాలి.

ఇంకో సూచన కూడా అందులోనే ఉంది. కొన్వెన్సియొనాతో అనే విశేషణం బాత్రూమ్‌కి అతకదు. ఒప్పందం ఉన్న రెస్టారెంట్, ఒప్పందం ఉన్న పార్కింగ్ అంటారు గానీ ఒప్పందం ఉన్న బాత్రూమ్ ఏమిటి? అలాంటి జంట కనిపిస్తే ఆ రెండు మాటలూ కలిపి, పక్కన ఊరి పేరు కూడా పెట్టి వెతకాలి. విడిగా ఒక్క మాటని వెతికితే బాత్రూమ్ అనే వస్తుంది.

ఇలాంటి తప్పే మీరు రాసిన ఇంకో వాక్యంలోనూ ఉంది, కానీ అది దొరక్కుండా దాక్కుంది. “ఉన్ త్రే స్తెల్లే ఒనెస్తో”. ఇటలీలో స్టార్లంటే హోటల్ తరగతి, 1 నుంచి 5 వరకు అధికారికంగా ఇస్తారు. ఆవిడ అన్నది “త్రీ స్టార్ హోటల్‌కి ఉండాల్సినట్టు ఉంది, ఆ తరగతికి న్యాయం చేసింది” అని. ఒనెస్తో అంటే ఇక్కడ నిజాయితీగా మాట్లాడుతున్నానని కాదు, తీసుకున్న డబ్బుకి తగినది ఇచ్చారు అని. ఆవిడ రేటింగ్ కూడా అనుకోకుండా 3 అయింది కాబట్టి మీ వాక్యం సరిపోయినట్టు కనిపిస్తోంది. ఆవిడ 4 ఇచ్చి ఉంటే ఎడిటర్ దాన్నీ పట్టుకునేవారు.

సుధాకర్_లాడ్జి

మాది తిరుపతిలో చిన్న లాడ్జి. ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయాను. పోయిన సంవత్సరం ఒక విదేశీ కుటుంబం మా దగ్గర రెండు రోజులు ఉండి, వెళ్తూ వెళ్తూ మా మేనేజర్‌కి చేతులు జోడించి మరీ వెళ్ళారు. తర్వాత వాళ్ళ భాషలో ఒక రివ్యూ పెట్టారు. దాని ఇంగ్లిష్ అనువాదంలో మా సిబ్బంది “ఎడ్యుకేటెడ్” అని ఉంది. మా కుర్రాళ్ళలో ఇద్దరు పది దాకా కూడా చదువుకోలేదు. ఎవరో కావాలని వెక్కిరిస్తున్నారేమో అనుకుని వాళ్ళు బాధపడ్డారు. అది ఇటాలియన్ అని ఈమధ్యే తెలిసింది. నేను అడిగేది ఏమిటంటే, మీలాంటి అనువాదకులు రాసింది తప్పని హోటల్ వాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి? మేం మూలాన్ని చదవలేం, ఇంగ్లిష్‌ని బట్టే మాకు పేరు వస్తుంది లేదా పోతుంది.

రామకృష్ణ_బొలోనియా

సుధాకర్ గారూ, ఎదుకాతో అంటే మర్యాద తెలిసినవాళ్ళు అని. చదువుకీ దానికీ సంబంధం లేదు. మీ కుర్రాళ్ళతో ఆ మాట తప్పక చెప్పండి, ఇటాలియన్లు సిబ్బందికి ఇచ్చే మంచి మెచ్చుకోళ్ళలో అదొకటి. దీనికి వ్యతిరేకం “మాలెదుకాతో”. ఆ మాట వచ్చి ఉంటే మీరు నిజంగా బాధపడాల్సి వచ్చేది.

ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. చాలా సైట్లలో హోటల్ యజమాని జవాబు రాసే వీలుంటుంది. అక్కడ మూలభాషలో ఉన్న మాట ఇదీ, దాని అర్థం ఇదీ అని ఒక వాక్యం రాస్తే చదివేవాళ్ళకి తెలుస్తుంది.

కిరణ్_భాషాప్రియ

రామకృష్ణ గారూ, బాన్యో సంగతి నాకూ కొత్తే, ఒప్పుకుంటున్నాను. కానీ ఫుర్తో మీద మీరేమీ అనలేదు. అక్కడ ఊరిని బట్టి మారే అర్థం ఏమీ లేదు కదా?

రామకృష్ణ_బొలోనియా

కిరణ్ గారూ, మీరు చెప్పిన సూత్రం సరైనదే, ఆవిడ కోపాన్ని తగ్గించి రాసే హక్కు మనకి లేదు. కానీ ఆ కోపం ఏ రూపంలో వచ్చిందో చూడాలి. పార్కింగ్ ధర చెప్పి, వెంటనే “ఉన్ ఫుర్తో!” అన్నారు. మన ఊళ్ళో సినిమా హాల్లో పాప్‌కార్న్ ధర చూసి “ఇది పచ్చి దోపిడీ” అంటాం. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి దోపిడీ జరిగిందని ఫిర్యాదు ఇస్తామా? ఇటాలియన్లు ధర గురించి మాట్లాడుతూ ఫుర్తో అన్నప్పుడు అదే రకం మాట.

తేడా తెలిసేది వాక్యం కట్టడంలో. నిజంగా వస్తువు పోయి ఉంటే “మా గదిలోంచి ఫలానాది దొంగిలించారు” అని క్రియతో చెప్తారు, ఏం పోయిందో చెప్తారు, రిసెప్షన్‌కి చెప్పామనో పోలీసులకి చెప్పామనో రాస్తారు. ఇక్కడ ధర పక్కన ఒక ఆశ్చర్యార్థకం, అంతే. ఇంగ్లిష్‌లో “థెఫ్ట్” అని ఒంటరిగా పెడితే పార్కింగ్‌లో కారులోంచి ఏదో పోయిందనే అనుకుంటారు. “రిప్-ఆఫ్” అని పెడితే ఆవిడ కోపం మొత్తం అలాగే ఉంటుంది, లేని నేరం మాత్రం హోటల్ మీద పడదు.

ఇదేదో చిన్న తేడా కాదు. ఇటలీ శిక్షాస్మృతి 595వ సెక్షన్ పరువు నష్టానికి సంబంధించింది. ఆవిడ అనని ఆరోపణ ఆవిడ పేరుతో ఇంగ్లిష్‌లో బయటికి వెళ్ళకూడదు కదా. మీరు సాక్ష్యం అన్నారు, సాక్షి అననిది రాయడం కూడా సాక్ష్యాన్ని మార్చడమే.

కిరణ్_భాషాప్రియ

ఆ చివరి మాట ఒప్పుకుంటాను. కానీ రిప్-ఆఫ్ కొంచెం వీధి భాషలా ఉంది. ఆవిడ మిగతా రివ్యూ అంతా మర్యాదగా ఉంది. “డేలైట్ రాబరీ” అంటే?

అనూష_డాలస్

నేను అమెరికాలో ఉంటాను, ఇలాంటి రివ్యూలు చదివి బుక్ చేసుకునే మనిషిగా చెప్తున్నాను. డేలైట్ రాబరీ అనేది ఇక్కడివాళ్ళు ధర గురించి పెద్దగా అనరు, అది బ్రిటిష్ వాడుక. పార్కింగ్ పక్కన రాబరీ అన్న మాట చూస్తే నాలాంటి వాళ్ళు ఆ హోటల్‌ని వదిలేసి పక్కదానికి వెళ్ళిపోతారు. రిప్-ఆఫ్ అంటే డబ్బు ఎక్కువ తీసుకున్నారని ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

శ్రావణి గారూ, మీ సైట్‌ది ఏ ఇంగ్లిష్, అమెరికనా బ్రిటిషా? దానిమీద చాలా ఆధారపడుతుంది. ఆవిడ గది ఏ అంతస్తులో ఉందని రాశారా? ఇటలీలో మొదటి అంతస్తు అంటే మన ఇండియాలో లాగే గ్రౌండ్ పైన ఉండేది. అమెరికాలో దాన్ని సెకండ్ ఫ్లోర్ అంటారు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు అని ఇటాలియన్‌లో ఉంటే, అమెరికన్‌కి అది నాలుగోది. మా అత్తయ్యగారిని యూరప్ తీసుకెళ్ళినప్పుడు ఒక్క అంతస్తు తేడాతో మేం చాలా ఇబ్బంది పడ్డాం, అందుకే అడుగుతున్నాను.

శ్రావణి_వైజాగ్

సైట్‌ది అమెరికన్ ఇంగ్లిష్, అనూష గారూ. ఈ రివ్యూలో అంతస్తు ప్రస్తావన లేదు. కానీ మంచం గురించి ఉంది, అది నేను ముందు రాయలేదు. “మాత్రిమోనియాలే గది అడిగాం, కానీ లెత్తో అల్లా ఫ్రాంచేజే ఇచ్చారు, నా భర్తకి సరిపోలేదు. రిసెప్షన్‌లో ఆవిడకి చెప్పాం. మరుసటి రోజు ఏమీ అనకుండా గది మార్చారు” అని. మాత్రిమోనియాలే అంటే డబుల్ రూమ్ అని తెలుసు. రెండోదానికి “ఫ్రెంచ్ బెడ్” అని పెట్టాను. గది మార్చినది “హీ” అని రాశాను, అక్కడ మూలంలో కర్త లేదు.

లక్ష్మీ_కాకినాడ

ఇది మాకూ జరిగింది! రోమ్ వెళ్ళొచ్చిన మా చెల్లెలు చెప్పింది, డబుల్ బెడ్ అని చెప్పి ఇద్దరు ఒదిగి ఒదిగి పడుకునే మంచం ఇచ్చారని. పేరు మాత్రం డబుల్ అనే ఉందట. ఇది మోసం కాదా?

రామకృష్ణ_బొలోనియా

మోసం అనలేం లక్ష్మి గారూ, పేరు తెలియకపోతే మాత్రం అలాగే అనిపిస్తుంది. మాత్రిమోనియాలే మంచం సాధారణంగా 160 సెంటీమీటర్ల వెడల్పు. అల్లా ఫ్రాంచేజే అంటే 140 చుట్టుపక్కల. ఇద్దరు పడుకోవచ్చు, కానీ పెద్ద మనుషులకి ఇరుకు. బుక్ చేసేటప్పుడు ఈ రెండు మాటల్లో ఏది ఉందో చూసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. “దొప్పియా” అని ఉంటే సాధారణంగా రెండు విడి మంచాలు.

శ్రావణి గారూ, ఫ్రెంచ్ బెడ్ అంటే ఇంగ్లిష్ చదివేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. పైగా అదేదో అలంకారంగా ఉన్న మంచమేమో అనిపిస్తుంది. ఆవిడ ఫిర్యాదే పోతుంది.

అనూష_డాలస్

అమెరికాలో 140కి దగ్గరగా ఉండేది “ఫుల్” సైజ్, అది 54 అంగుళాలు. 160కి దగ్గరగా ఉండేది “క్వీన్”, 60 అంగుళాలు. “క్వీన్ అడిగితే ఫుల్ ఇచ్చారు” అని రాస్తే ఇక్కడివాళ్ళకి ఆవిడ బాధ వెంటనే తెలుస్తుంది.

కిరణ్_భాషాప్రియ

దానికి నేను ఒప్పుకోను అనూష గారూ. ఆవిడ కొలత చెప్పలేదు. ఆ హోటల్లో మంచం నిజంగా 140 అవునో కాదో మనకి తెలియదు. క్వీన్ అడిగాను అని ఆవిడ ఎప్పుడూ అనలేదు, ఆవిడ అడిగింది మామూలు డబుల్ గది. అమెరికన్ కొలతల పేర్లు ఆవిడ నోట పెట్టడం సరికాదు. “డబుల్ రూమ్ అడిగాం, ఇరుకైన డబుల్ బెడ్ ఇచ్చారు” అంటే సరిపోతుంది.

రామకృష్ణ_బొలోనియా

ఈసారి నేను కిరణ్ గారి వైపే. అల్లా ఫ్రాంచేజే అన్న మాటలోనే ఇరుకు అన్న అర్థం ఉంది, కాబట్టి “నారో డబుల్” అనడం కలిపి చెప్పడం కాదు. కొలత మాత్రం కలపడమే అవుతుంది. హోటల్ తన పేజీలో కొలత ఇచ్చి ఉంటే అది వేరే సంగతి.

కర్త గురించి. ఇటాలియన్‌లో మన తెలుగులో లాగే కర్తని వదిలేస్తారు. “గది మార్చేశారు” అంటే మనకీ ఎవరు అన్న ప్రశ్న రాదు. ఇంగ్లిష్‌లో మాత్రం ఎవరో ఒకరిని పెట్టి తీరాలి. ముందు వాక్యంలో రిసెప్షన్‌లో ఆవిడ అని స్త్రీలింగంలో ఉంది కదా, క్రియ ఏకవచనంలో ఉందా బహువచనంలో ఉందా చూడండి. ఏకవచనమైతే “షీ”. బహువచనమైతే “దే”, అంటే హోటల్ వాళ్ళు. “హీ” మాత్రం ఎక్కడినుంచీ రాదు. అలా రాస్తే కథలోకి లేని మగమనిషి ఒకరు వచ్చేస్తారు.

శ్రావణి_వైజాగ్

ఇప్పుడే చూశాను, ఏకవచనం. కాబట్టి షీ. మగవాళ్ళని ఎందుకు ఊహించుకున్నానో ఆలోచిస్తే బాధగా ఉంది.

మరి శుభ్రత వాక్యం? కిరణ్ గారు అది ఘోరంగా ఉందన్న అర్థం అంటున్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది, అందుకే అర్థం తేల్చకుండా మాటకి మాట పెట్టేశాను.

రామకృష్ణ_బొలోనియా

కాదు. “నుల్లా దా దీరే” అంటే తప్పు పట్టడానికి ఏమీ లేదు అని. మన “వంక పెట్టడానికి లేదు” సరిగ్గా అదే. కిరణ్ గారికి అలా ఎందుకు అనిపించిందో నాకు తెలుసు. తెలుగులో “శుభ్రత గురించి ఇక చెప్పక్కర్లేదు” అన్నది రెండు వైపులా వెళ్తుంది, గొంతుని బట్టి పొగడ్త కావచ్చు, తిట్టు కావచ్చు. ఇటాలియన్ రివ్యూల్లో “ఫలానాదానిమీద నుల్లా దా దీరే” అన్నది ఫిర్యాదు లేదనే వస్తుంది. ఇంగ్లిష్‌లో “నథింగ్ టు సే” అంటే అర్థం తలకిందులవుతుంది, మాట్లాడడానికి కూడా ఇష్టం లేదన్నట్టు ఉంటుంది.

“నో కంప్లెయింట్స్ అబౌట్ క్లీన్‌లీనెస్” అని రాయండి. “స్పాట్‌లెస్” అని రాయొద్దు, అది పొగడ్త. ఆవిడ పొగడలేదు, తప్పు లేదన్నారు. ఆ మెట్టు తేడా ఈ రివ్యూకి చాలా ముఖ్యం, ఎందుకంటే రివ్యూ మొత్తం అలాంటి మధ్యస్థమైన మాటలతోనే కట్టారు ఆవిడ.

దిస్క్రేతా కూడా ఆ మెట్లలోదే. ఇటలీ బడుల్లో పిల్లలకి ఇచ్చే గ్రేడుల వరస గుర్తుపెట్టుకుంటే ఎప్పుడూ పొరపాటు రాదు. పాస్ అయితే సుఫిచ్చెంతే, దానిపైన దిస్క్రేతో, ఆ పైన బువోనో, దిస్తింతో, అన్నిటికంటే పైన ఒత్తిమో. అంటే పాస్‌కి ఒక మెట్టు పైన, బాగుంది అన్నదానికి ఒక మెట్టు కింద. తెలుగులో “టిఫిన్ బాగుంది”కీ “బాగానే ఉంది”కీ తేడా లేదూ? ఆ “నే” చేరగానే ఒక మెట్టు దిగుతుంది. దిస్క్రేతా అంటే ఆ “బాగానే”. డీసెంట్ అన్నది కిరణ్ గారు సరిగ్గా చెప్పారు.

సుధాకర్_లాడ్జి

హోటల్ వాళ్ళకి “బాగానే ఉంది” అన్న మాటే అన్నిటికంటే కష్టమైనది. తిట్టినవాళ్ళు ఏం నచ్చలేదో చెప్తారు, సరిచేసుకుంటాం. దీన్ని ఇంగ్లిష్‌లో “గుడ్” అని రాసేస్తే మాకు తెలిసే అవకాశమే పోతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాయండి శ్రావణి గారూ.

శ్రావణి_వైజాగ్

రాస్తాను సుధాకర్ గారూ. ఇంక మిగిలింది శీర్షిక. ఇది ఇటాలియన్ కవి దాంతేది అని విన్నాను, నిజమేనా?

రామకృష్ణ_బొలోనియా

మూలం అదే. నరకం గురించి ఆయన రాసిన ఇన్ఫెర్నో కావ్యం మూడో కాంటోలో, అంటే మూడో సర్గలో, నిందా పొగడ్తా రెండూ లేకుండా బతికిన ఆత్మలు కనిపిస్తాయి. వాటిని స్వర్గం తీసుకోదు, నరకమూ లోపలికి రానివ్వదు. కానీ ఈ రోజు ఇటలీలో హోటల్‌కి, సినిమాకి, భోజనానికి ఆ మాట వాడేవాళ్ళకి దాంతే గుర్తుండరు. అది అరిగిపోయిన నానుడి. అర్థం మామూలుగా ఉంది, ప్రత్యేకంగా ఏమీ లేదు అని. “ఇన్ఫమీ” అని పెడితే ఏదో పరువు పోయే సంఘటన జరిగిందనుకుంటారు. “నథింగ్ స్పెషల్” అని పెట్టండి.

కిరణ్_భాషాప్రియ

ఇక్కడ నాకు నచ్చలేదు. నథింగ్ స్పెషల్ అంటే తగ్గించి మాట్లాడినట్టు ఉంది. నిందా లేదు, పొగడ్తా లేదు అన్నదానిలో రెండు వైపులూ సమానంగా ఉన్నాయి. ఆవిడ గది మార్చినందుకు మెచ్చుకున్నారు, బీచ్ దగ్గరని మెచ్చుకున్నారు, శుభ్రతకి వంక పెట్టలేదు. శీర్షికలోనే తగ్గించేస్తే మిగతా రివ్యూ ఎవరు చదువుతారు? “నీదర్ గుడ్ నార్ బ్యాడ్” పెట్టండి.

రామకృష్ణ_బొలోనియా

మాటల్లో సమానమే, వాడుకలో కాదు. ఇటాలియన్లు దాన్ని ఎప్పుడూ కొంచెం నిరాశతోనే అంటారు. “నీదర్ గుడ్ నార్ బ్యాడ్” అంటే ఇంగ్లిష్‌లో ఆ నిరాశ వినపడదు.

అనూష_డాలస్

“యావరేజ్” అంటే? అమెరికాలో అది కొంచెం నిరాశగానే వినిపిస్తుంది, మరీ తీసిపారేసినట్టు ఉండదు. పైగా రేటింగ్ 3కి సరిపోతుంది.

శ్రావణి_వైజాగ్

ఇవాళ పొద్దున తిరిగి పంపాను. త్రీ స్టార్ హోటల్‌గా డబ్బుకి తగినట్టు ఉంది అని మొదలుపెట్టాను. కిటికీ లేని బాత్రూమ్, శుభ్రతపై ఫిర్యాదు లేదు, బ్రేక్‌ఫాస్ట్ డీసెంట్. డబుల్ గది అడిగితే ఇరుకైన డబుల్ బెడ్ ఇచ్చారు, రిసెప్షన్‌లో ఆవిడకి చెప్తే మరుసటి రోజు ఏమీ అనకుండా గది మార్చారు. పార్ట్‌నర్ బీచ్ క్లబ్ 50 మీటర్లలో. పార్కింగ్ రోజుకి 15 యూరోలు, రిప్-ఆఫ్.

ఎడిటర్ అన్నీ ఒప్పుకున్నారు. దొంగతనం మాట తీసేయడంతో వేరే టీమ్‌కి పంపాల్సిన పని కూడా పోయింది. శీర్షికకి మాత్రం “నథింగ్ స్పెషల్”, “యావరేజ్” రెండూ రాసి పంపాను, ఆయన ఇంకా తేల్చలేదు. నాకు ఒకటి ఎంచుకోమంటే ఇప్పటికీ ఎంచుకోలేకపోతున్నాను.

లక్ష్మీ_కాకినాడ

అమ్మా శ్రావణీ, ఇప్పుడు నాకు ఆ హోటల్ పేరు నిజంగానే కావాలి. బీచ్ 50 మీటర్లు, బాత్రూమ్ గదిలోనే, చెప్తే గది మార్చారు. మా ఆయనకి ఇంకేం కావాలి? పార్కింగ్ ఎలాగూ మాకు అక్కర్లేదు.